అమలక్క అంచనా తప్పింది

ఛత్రినాకలో ఆశా కార్యకర్త అమల అడుగుపెట్టని ఇల్లు లేదు. పద్నాలుగేళ్లుగా ఆ గల్లీల్లో గర్భిణుల పేర్లు రాసుకుంటూ, పసిపిల్లల టీకాల తేదీలు గుర్తుచేస్తూ, ఇనుము మాత్రలు పంచుతూ తిరుగుతున్న మనిషి. చిన్నాపెద్దా అందరికీ అమలక్కే. గడప దాటి లోపలికి రాగానే ఆమె మొదట చేసే పని, ఎదురుగా ఉన్న ఆడమనిషి కింది కనురెప్పను బొటనవేలితో కిందికి లాగి చూడటం. లోపల ఎర్రగా ఉంటే సరే. పాలిపోయి ఉంటే చేతిలో మాత్రల పట్టీ పడ్డట్టే. గర్భిణుల విషయంలో ఆమె మాట చాలాసార్లు నిజమయ్యేది కూడా. అక్కడే వచ్చింది చిక్కంతా. పదిసార్లు నిజమైతే పదకొండోసారి మనిషికి అనుమానం రాదు కదా.

ఆ పదకొండోసారి ఆమె వంతే అయింది. నిరుడు దసరా పండుగ వెళ్లాక అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. చీమలు పాకినట్టు ఉండేది మొదట్లో. పొద్దున లేస్తూనే ఒంట్లో సత్తువ ఉండేది కాదు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నాలుక మండేది. అన్నంలో కాస్త కారం తగిలితే చాలు, కళ్లలో నీళ్లు తిరిగేవి. పెదవి లోపల పుండ్లు ఒకటి మానితే ఇంకొకటి లేచేవి. వేడి చేసిందని మజ్జిగ తాగింది, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగింది, ఏం తేడా లేదు.

ఒకనాడు అద్దం ముందు నిలబడి తన రెప్ప తానే లాగి చూసుకుంది. తెల్లగా ఉంది. "అంతేనా, రక్తం తక్కువైంది" అనుకుని నిమ్మళంగా ఊపిరి తీసుకుంది.

ఆ నిమ్మళం ఎందుకో చెప్పాలి, లేకపోతే అమలక్కను తెలివితక్కువదని అనుకుంటారు. ఆమెకు తొమ్మిదేళ్లుగా షుగరు. ఆమె తల్లి చంద్రమ్మకూ షుగరే. చంద్రమ్మకు ముందు కాళ్లు తిమ్మిరెక్కాయి, తర్వాత స్పర్శ పోయింది, తర్వాత ఎప్పుడో మేకు గుచ్చుకుంటే తెలియలేదు. ఆ పుండు మానక పెద్దాసుపత్రిలో కాలు చీలమండ పైదాకా తీసేశారు. చివరి మూడేళ్లు మంచం మీదే. కాబట్టి తిమ్మిరి అనగానే అమలకు మొదట కళ్లముందు కనబడింది తల్లి కాలు. ఆశా పని అంటే నడక. కాళ్లు పోతే ఆ పని పోతుంది, ఆ పని పోతే ఆమె దృష్టిలో తాను పోయినట్టే. అందుకే ఆమెకు రక్తం తక్కువ కావడమే కావాల్సి వచ్చింది. అది మాత్రలతో పోయే జబ్బు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఇంకో మాట చెబుతారేమోనని భయం. ఇంటింటికీ తిరిగి అందరినీ దవాఖానాకు తోలే మనిషి, తాను మాత్రం ఆ గుమ్మం ఎక్కలేదు. అట్లా ఉంటాం మనం, ఏం చేస్తాం.

మాత్రలకు కొరత లేదు. కాన్పు అయి పుట్టింటికి వెళ్లిపోయినవాళ్లు మిగిలిన పట్టీలు ఆమె చేతిలోనే పెట్టి పోయేవారు. రోజూ ఒకటి వేసుకుంది, తర్వాత తొందర పడి రెండు. మలబద్ధకం పట్టుకుంటే నిమ్మరసం తాగింది. మూడు నెలలకు బస్తీ దవాఖానాలో ఆడవాళ్లకు వేలు గుచ్చి రక్తం చూసే శిబిరం పెడితే తానూ వేలు చాపింది. అంతకు ముందు ఏడాది అదే శిబిరంలో తొమ్మిదిన్నర ఉన్న హిమోగ్లోబిన్ ఇప్పుడు పదకొండు దాటింది. ఆ రోజు ఆమె నడకే వేరు. తన బొటనవేలికి మించిన పరీక్ష లేదని లోపల్లోపల మురిసిపోయింది.

మరి కాళ్ల సంగతి? కాళ్లు బాగుపడలేదు సరికదా, తిమ్మిరి అరికాలు దాటి చీలమండ ఎక్కింది. చేతివేళ్ల కొసలు మొద్దుబారాయి. రిజిస్టరులో రాస్తుంటే అక్షరాలు వంకరపోయేవి. చెప్పు కాలినుంచి జారిపోయినా నాలుగడుగులు వేశాక గానీ తెలిసేది కాదు. రక్తం పెరిగింది కదా, ఇదెందుకు తగ్గదు అని మనసు అడిగేది. "నిండేసరికి టైం పడ్తది" అని ఆమే సమాధానం చెప్పుకునేది.

ప్రార్థన మందిరంలో జరిగింది ఇంకో వింత. ఆదివారం ఆరాధనలో అందరూ లేచి నిలబడి కళ్లు మూసుకుని పాట ఎత్తుకోగానే అమల ఊగిపోవడం మొదలుపెట్టింది. ముందుకూ వెనక్కూ తూలి ఒకసారి పక్కనున్నామె మీద పడింది. కళ్లు తెరిస్తే మళ్లీ మామూలే. పాస్టరమ్మ చూసి ఆత్మ అభిషేకం దిగిందని సంతోషపడింది. తర్వాతి వారం ఆమెను ముందు వరసలో నిలబెట్టారు. అమలకు లోపల తెలుసు, తనకు ఏ అభిషేకమూ తెలియడం లేదు, కాళ్ల కింద నేల తెలియడం లేదు, అంతే. కానీ అంతమంది స్తోత్రం చెబుతుంటే కాదని ఎట్లా అంటుంది?

ఇక సురయ్యా సంగతి. లాడ్ బజారు దుకాణాలకు లక్క గాజుల మీద అద్దాలూ రాళ్లూ అంటించి ఇచ్చే పని ఆమెది. గల్లీ చివర రెండు గదుల ఇల్లు, గుమ్మంలోనే బొగ్గుల కుంపటి, దాని మీద రేకు. వేడికి మెత్తబడ్డ లక్క మీద ఆవగింజంత రాయిని వేలికొసతో పెట్టి నొక్కాలి. అమల పదేళ్లుగా ఆ గుమ్మంలో ఆగి చాయ్ తాగి పోతుంది. చలికాలంలో ఒకనాడు సురయ్యా చేతులు విదిలించుకుంటూ బొటనవేలు, పక్క వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని, రాయి చేతిలో నిలవడం లేదని, రోజంతా పడుకోవాలనిపిస్తున్నదని చెప్పింది. అమల రెప్ప లాగి చూసింది. కాస్త పాలిపోయినట్టే కనబడింది. తనకున్నట్టే తిమ్మిరి, తనకున్నట్టే నీరసం. ఇంకేం కావాలి. రెండు పట్టీలు సంచిలోంచి తీసి ఇచ్చి, తాను కూడా అవే తింటున్నానని ధైర్యం చెప్పింది.

సురయ్యా రెండు నెలలు నమ్మకంగా తిన్నది. ఆ రెండు నెలల్లో రాళ్లు వంకరగా కూర్చున్న గాజులను దుకాణం వాళ్లు తిప్పి పంపడం మొదలైంది. ఒళ్లు బరువెక్కింది, జుట్టు కుచ్చులుగా రాలింది. ఆమె కూతురు అలీనా కాలేజీ మానుకుని మరీ తల్లిని బస్తీ దవాఖానాకు తీసుకెళ్లింది. రక్తం తీసుకుని పంపారు, మూడోరోజు రిపోర్టు ఫోనులోకి వచ్చింది.

ఆ మధ్యాహ్నం అమల చాయ్ కోసం ఆగితే సురయ్యా కప్పు ఇవ్వకుండా ముందు ఫోను చేతిలో పెట్టింది. రక్తం బాగానే ఉంది. ఇనుము నిల్వలు నిండుగా ఉన్నాయి. థైరాయిడ్ మాత్రం బాగా మందగించింది. ఆ మందగింపుకే మణికట్టు దగ్గర లోపల వాపొచ్చి నరం నొక్కుకుపోతుంది, వేళ్లు తిమ్మిరెక్కేది దానికేనని డాక్టరు చెప్పిందట. పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర, రాత్రిళ్లు చేతికి పట్టీ. నెమ్మదిగా తగ్గుతుంది.

అమల ఆ అంకెలను రెండుసార్లు చదివింది.

"నీ మీద కోపం లేదక్కా" అన్నది సురయ్యా. "నువ్వు నా మంచికే ఇచ్చినవ్. గని నాకు లేని రోగానికి నేను రెండు నెలలు మందు తిన్న. నువ్వేమో ఐదు నెలల సంది తింటున్నవ్. నీకున్న రోగం ఏందో నీకెట్ల ఎరుక?"

ఆ మాట సూటిగా వెళ్లి తగిలింది. సిగ్గేసింది అమలకు. ఇన్నేళ్లలో ఎంతమంది రెప్పలు లాగి, గర్భిణులు కానివాళ్లకు కూడా తీర్పు చెప్పేసిందో లెక్కకు రాలేదు. సిగ్గు కంటే లోపల భయం ఎక్కువ. రక్తం తక్కువ కాకపోతే, మిగిలింది తల్లి కాలే కదా. చాయ్ తాగకుండానే లేచింది. ఇంటికెళ్లి ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసే భర్త డానియేలుకు ఐదు నెలల సంగతీ చెప్పేసింది. చెప్పు జారిపోవడం దగ్గర నుంచి అభిషేకం దాకా అన్నీ. ఆయన అరుస్తాడనుకుంది. ఆయన, రేపు తాను సెలవు పెడుతున్నానని మాత్రం అన్నాడు.

మర్నాడు దవాఖానాలో అమల తన పేరు రాయించుకుని, అందరితో పాటు బల్ల మీద కూర్చుంది. నర్సు నవ్వుతూ లోపలికి రమ్మంటే వద్దన్నది. ఈ రోజు తాను పేషంటుగా వచ్చానని చెప్పింది.

డాక్టర్ మనస్విని వయసులో ఆమె కంటే పదిహేనేళ్లు చిన్న. రెప్ప లాగి చూడలేదు. ముందు నాలుక చాపమన్నది. నాలుక ఎర్రగా, గరుకు పోయి నున్నగా ఉంది. తర్వాత రెండు కొమ్ముల ఉక్కు పుల్ల ఒకటి తట్టి మోగించి, దాని మొదలును కాలి బొటనవేలి ఎముక మీద ఆనించింది. అదురు తెలుస్తున్నదా అని అడిగింది. అమలకు తెలియలేదు. చీలమండ మీద పెట్టింది, తెలియలేదు. మోకాలి దగ్గర తెలిసింది. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోమన్నది. కళ్లు మూసిన రెండు క్షణాలకే అమల తూలింది, డాక్టరు పట్టుకుంది.

"మొహం కడుక్కునేటప్పుడు గిట్ల అయితదా అమలక్కా?"

అయితదని ఒప్పుకుంది. ప్రార్థనలో కూడా అయితదని, దాన్ని జనం ఇంకోటి అనుకుంటున్నారని కూడా చెప్పింది. డాక్టరు నవ్వలేదు. కాళ్లు ఎక్కడున్నాయో మెదడుకు చెప్పే నరాల దారి మందగిస్తే మనిషి కళ్లతో నిలబడతాడని, కళ్లు మూస్తే ఆ ఆసరా పోతుందని వివరంగా చెప్పింది. తర్వాత ఏ మందులు వాడుతున్నావని అడిగింది. షుగరుకు మెట్‌ఫార్మిన్, తొమ్మిదేళ్లుగా. గ్యాసు మాత్ర రోజూ పొద్దున, నాలుగేళ్లుగా. ఇంకా ఈ ఐదు నెలలుగా ఇనుము మాత్రలు. ఆ చివరిది చెప్పేటప్పుడు అమల తల వంచుకుంది. బీ-కాంప్లెక్స్ మాత్రలు, బలం ఇంజెక్షన్లు ఏమైనా తీసుకున్నావా అని డాక్టరు రెండుసార్లు అడిగింది. లేదంటే మంచిదైందన్నది. అవి పడ్డాక పరీక్ష చేస్తే అంకె పెరిగి కనబడి, అసలు లోటు దాగిపోతుందట.

"ఇది షుగరేనా మేడం?" ఆ ఒక్క ప్రశ్న కోసమే అమల అంతదూరం వచ్చింది. "మా అమ్మకు కాలు తీసేసిర్రు."

"కావచ్చు, కాకపోవచ్చు. షుగరు తిమ్మిరి, విటమిన్ తిమ్మిరి, థైరాయిడ్ తిమ్మిరి పైకి ఒక్క తీరుగనే ఉంటయి. నాకు కూడ చూస్తే తెల్వది అక్కా. రిపోర్టు వచ్చేదాకా నువ్వు ఊహించొద్దు, నేను ఊహించను."

చదువుకున్న డాక్టరు తనకు తెలియదని చెప్పడం అమలకు కొత్తగా అనిపించింది. పద్నాలుగేళ్లలో తాను ఆ మాట ఒక్కరికైనా చెప్పిందా అని ఆలోచిస్తూనే చెయ్యి చాపింది. నాలుగు చిన్న సీసాల రక్తం తీశారు. రక్తకణాల లెక్క, ఇనుము నిల్వ, బీ పన్నెండు విటమిన్, థైరాయిడ్, మూడు నెలల షుగరు సగటు, కిడ్నీలు. అన్నీ రాసి పెద్ద ల్యాబుకు పంపారు.

ఆ రెండు రోజులు ఎట్లా గడిచాయో అడగొద్దు. అమల డ్యూటీ చేసింది గానీ ఎవరి రెప్పా ముట్టుకోలేదు. ఇంట్లో కూర్చుంటే చూపు పాదాల మీదికే పోయేది. డానియేలు బకెట్ నీళ్లు కూడా మోయనివ్వలేదు. ప్రార్థన చేద్దామా అంటే, కూర్చుని చేద్దామన్నది.

మూడోరోజు ఇద్దరూ వెళ్లారు. డాక్టరు కాగితం బల్ల మీద పెట్టి, ముందు ఆఖరి వరుస చూపించింది. మూడు నెలల షుగరు సగటు ఆరు పాయింట్ ఎనిమిది. షుగరు అదుపులోనే ఉంది. కిడ్నీలు బాగున్నాయి, థైరాయిడ్ బాగుంది. ఇనుము నిల్వ కావాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. తర్వాత వేలు పెట్టిన చోట బీ పన్నెండు. కనీసం రెండు వందలు ఉండాల్సిన అంకె తొంభై ఆరు.

అమలకు అర్థం కాలేదు. తాము మాంసం తినేవాళ్లమని, ఆ విటమిన్ లోటు శాకాహారులకు కదా అని అడిగింది. డాక్టరు ఓపిగ్గా చెప్పింది. తినేది ఒకటి, ఒంటికి పట్టేది ఒకటి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే కొందరికి ఆ విటమిన్ పేగులో సరిగా ఇంకదు, గ్యాసు మాత్ర తోడైతే ఇంకా తగ్గుతుంది. అట్లాగని షుగరు మాత్ర సొంతంగా మానెయ్యకూడదు, అది ఆమెకు అవసరం. గ్యాసు మాత్ర ఇంకా కావాలా వద్దా అన్నది తర్వాత చూద్దామన్నది.

"మరి నాకు రక్తం పెరిగింది కద మేడం, పదకొండు దాటింది."

అక్కడే డాక్టరు కుర్చీ ముందుకు జరిపి కూర్చుంది. ఇనుము తక్కువైతే ఎర్రకణాలు చిన్నవవుతాయి. అమల కణాలు మామూలు కంటే పెద్దవిగా ఉన్నాయి, అంటే మొదటి నుంచీ ఇది ఇనుము కథ కాదు. ఆమె మింగిన మాత్రల్లో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. అది రక్తాన్ని కొంత సర్దింది. నరాలకు మాత్రం అది ఏమీ చెయ్యలేదు. పైన అంకె పెరుగుతూ ఉంటే లోపల నరాలు ఎండిపోతూ వచ్చాయి.

"ఆ వేలు గుచ్చిన పరీక్ష తప్పు కాదక్కా. అది చెప్పేది ఒక్క ముచ్చటనే. నువ్వు దాంతోని పది ముచ్చట్లు చెప్పించినవ్."

డానియేలు అప్పటిదాకా గోడకానుకుని నిలబడి ఉన్నాడు. కాళ్లు ఏమవుతాయని ఆయనే అడిగాడు. అమలకు అడిగే ధైర్యం లేదు. తిమ్మిరి పట్టి ఆర్నెల్లే అయింది కాబట్టి చాలామటుకు తిరిగి వస్తుందని, నెలలు పడుతుందని, కొంచెం మిగిలినా మిగలొచ్చని, కానీ ఇక్కడితో ఆగుతుందని డాక్టరు చెప్పింది. ఇంకో ఏడాది అట్లాగే ఇనుము మింగుతూ కూర్చుని ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదని కూడా చెప్పింది. రెండు వారాల పాటు రోజు విడిచి రోజు ఇంజెక్షను, తర్వాత వారానికొకటి, ఆ తర్వాత నెలకొకటి.

అమల ఏడ్చేసింది. పద్నాలుగేళ్లుగా ఆ గదిలో ఎందరినో ఊరడించిన మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. కాలు పోదు. ఎండాకాలం నడినెత్తిన సూర్యుడున్నా మళ్లీ లాల్ దర్వాజా దాకా నడవొచ్చు. డానియేలు రుమాలు ఇచ్చి, ఇనుము బాగా నిండింది కదా, నిన్ను డిపోలో పాత బస్సుకు వేసుకుంటామని అన్నాడు. ఏడుపులోనే ఆమెకు నవ్వొచ్చింది, డాక్టరుకూ నవ్వొచ్చింది. మొదటి ఇంజెక్షను ఆ రోజే వేశారు.

బయటికొచ్చాక ఆమెకు వెంటనే సురయ్యా గుర్తొచ్చింది, తర్వాత ఇంకో నలుగురు గుర్తొచ్చారు. తన లాంటి నీరసమే, నోటిపుండ్లే ఉండి, తాను ఇచ్చిన పట్టీలు తింటున్నవాళ్లు. వాళ్లకు కూడా ఇదే విటమిన్ లోటు అయి ఉంటుందని ఒక్క క్షణం అనిపించింది. చూశారా, పాత అలవాటు అంత తేలిగ్గా పోదు. సురయ్యాకు థైరాయిడ్ అని తేలిన సంగతి గుర్తుచేసుకుని తనను తానే తిట్టుకుంది. ఆ వారం ఆ నలుగురి ఇళ్లకూ వెళ్లింది. వాళ్ల దగ్గరున్న పట్టీల సంగతి నిజం చెప్పి, తనకు తెలియక ఇచ్చానని ఒప్పుకుని, వరుసగా దవాఖానాకు తీసుకెళ్లింది. ఒకరికి నిజంగానే ఇనుము తక్కువని తేలింది. ఒకరికి ఏ లోటూ లేదు, అరిగిపోయిన పన్ను గీసుకుని నోరు పుండవుతున్నదట. మిగిలిన ఇద్దరి రిపోర్టులు ఇంకా రావాలి. అవేమై ఉంటాయని సురయ్యా అడిగితే, తెలియదని చెప్పింది అమల. ఆ మాట ఇప్పుడు సుళువుగానే వచ్చింది.

ఇంజెక్షన్లు మొదలైన పది రోజులకు నాలుక మంట తగ్గింది. నెలకు ఆయాసం తగ్గింది. కాళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి. అమల ఓపిక పట్టింది. డాక్టరు నెలలు అన్నది, వారాలు అనలేదు కదా అని రోజూ తనకు తాను చెప్పుకునేది.

తొమ్మిదో వారం, ఒక పొద్దున. ఆ రోజు నల్లా వచ్చే రోజు. గల్లీ అంతా బిందెలతో లొల్లిగా ఉంది. అమల డ్రమ్ము నింపుతుంటే పైపు జారి నీళ్లు ఎడమ పాదం మీద పడ్డాయి. ఆమె అట్లాగే ఆగిపోయింది. పైపు తీసి కుడి పాదం మీద కూడా పట్టింది.

"సల్లగున్నయి" అన్నది.

డానియేలు బ్రష్షు నోట్లో పెట్టుకునే, నల్లా నీళ్లు చల్లగా కాక ఎట్లా ఉంటాయని అడిగాడు. డ్రమ్ము నిండి పొర్లుతున్నా, పక్కింటివాళ్లు నల్లా కట్టెయ్యమని అరుస్తున్నా వినకుండా, ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఒక కాలి తర్వాత ఇంకో కాలి మీద నీళ్లు పోసుకుంటూనే ఉంది.